ఒకే లూప్‌లో 24 ఎనర్జీ మీటర్లు, అన్నీ 1 సెకను పోలింగ్: విలువలు నిమిషానికి గానీ మారడం లేదు

షిఫ్ట్‌బీ_పాశమైలారం · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. స్కాడా పెట్టినవాళ్లు అప్పగించి వెళ్లి మూడు నెలలైంది. ఇప్పుడు తిట్లన్నీ నాకే.

పరిస్థితి ఇది. ఎల్‌టీ ప్యానెల్ రూమ్‌లో 24 మల్టీఫంక్షన్ మీటర్లు. అన్నీ ఒకే ఆర్‌ఎస్-485 కేబుల్ మీద, 9600 స్పీడు, పారిటీ లేదు. ఆ కేబుల్ ఒక సీరియల్-ఈథర్నెట్ గేట్‌వేలోకి, అక్కడి నుంచి స్కాడా సర్వర్‌కి. ఒక్కో మీటర్ నుంచి దాదాపు 40 ట్యాగులు. అన్నిటికీ స్కాన్ రేటు 1 సెకను అని పెట్టి వెళ్లారు.

కానీ ఏదైనా మోటారు ఆన్ చేస్తే స్క్రీన్ మీద కరెంటు కనబడేసరికి నిమిషం దాటుతోంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, 60 నుంచి 65 సెకన్లు. మధ్యమధ్యలో ట్యాగులు ఎర్రగా మారి మళ్లీ మామూలవుతాయి. 9వ నంబరు మీటర్ కాలిపోయి రెండు వారాలైంది, కొత్తది ఇంకా రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్కాన్ రేటు అర సెకను చేసి చూశాను. ఏ మార్పూ లేదు. ఎర్ర ట్యాగులు మాత్రం ఎక్కువయ్యాయి.

---

బాడ్‌రేట్_భయ్యా · సోమవారం రాత్రి 11:05

9600 ఎవరు పెడుతున్నారన్నా ఈ రోజుల్లో? మీటర్లు, గేట్‌వే అన్నీ 19200కి మార్చు, వీలైతే 38400. స్పీడు రెట్టింపైతే టైం సగమవుతుంది, లెక్క సింపుల్. మేం చర్లపల్లి సైట్‌లో ఇలాగే చేశాం, మంచిగ పనిచేసింది.

---

హెచ్‌ఎంఐ_గ్రాఫిక్స్ · సోమవారం రాత్రి 11:20

ప్రతి ట్యాగ్‌కీ డెడ్‌బ్యాండ్ పెట్టుకోండి. కరెంటు 2 శాతం మారితేనే అప్‌డేట్ అవ్వాలి, లేకపోతే వద్దు. కమ్యూనికేషన్ లోడ్ ఇట్టే పడిపోతుంది. స్క్రీన్‌లో యానిమేషన్లు ఎక్కువున్నా స్లో అవుతుంది, అవీ తగ్గించండి.

---

టర్మినల్‌బ్లాక్ · మంగళవారం ఉదయం 6:50

స్పీడు, డెడ్‌బ్యాండ్ సంగతి తర్వాత. ముందు ఆ కేబుల్ మీద ఏం జరుగుతోందో కాగితం మీద లెక్క వేద్దాం. పది నిమిషాల పని.

మోడ్‌బస్‌లో మీటర్ తనంతట తాను మాట్లాడదు. అడిగితేనే చెబుతుంది, అదీ ఒకరి తర్వాత ఒకరు. అంటే స్కాన్ రేటు 1 సెకను అని రాయడం మన కోరిక మాత్రమే. కేబుల్‌కి అంత తీరిక లేకపోతే ప్రశ్నలు క్యూలో నిలబడతాయి. మీరు అర సెకను చేసినప్పుడు క్యూలోకి ఇంకా మనుషుల్ని తోశారు, కౌంటర్ మాత్రం ఒక్కటే.

ఒక్క ప్రశ్నకు పట్టే సమయం చూడండి. 9600 దగ్గర ఒక్కో బైట్‌కి మిల్లీసెకను పైచిలుకు. ప్రశ్న 8 బైట్లు. జవాబు 5 బైట్లు, దానికి తోడు ఒక్కో రిజిస్టర్‌కి 2 బైట్లు. 12 రిజిస్టర్లు అడిగితే 29 బైట్లు.

```
ప్రశ్న                   8 ms
మీటర్ ఆలోచించే సమయం     50 ms
జవాబు                   30 ms
ముందూ వెనకా మౌనం         8 ms
గేట్‌వే + నెట్‌వర్క్       20 ms
మొత్తం                 116 ms
```

50, 20 అనేవి నేను మామూలుగా చూసే అంకెలు. మీవి కొలుచుకోవాలి. స్కాడా ఆపి, గేట్‌వే మోడ్‌బస్ టీసీపీ మోడ్‌లో ఉంటే ల్యాప్‌టాప్ నుంచి ఇది కొట్టి చూడండి:

```
mbpoll -m tcp -a 7 -t 4 -r 1 -c 12 192.168.1.50
```

అడ్రసు, రిజిస్టర్ నంబర్లు మీవి పెట్టుకోండి. ఇంకో పక్క వైర్‌షార్క్‌లో `tcp.port == 502` అని ఫిల్టర్ పెడితే ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంత పడుతోందో కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు రెండు సంగతులు చెప్పండి. ఒక్కో మీటర్‌కి స్కాడా ఎన్ని ప్రశ్నలు వేస్తోంది? టైమ్‌అవుట్, రీట్రై ఎంత పెట్టారు?

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · మంగళవారం మధ్యాహ్నం 2:15

మేడం, చూశాను. ఒక్కో మీటర్‌కి 7 ప్రశ్నలు వెళ్తున్నాయి. ట్యాగులు చెల్లాచెదురుగా చేసినట్టున్నారు: వోల్టేజీలు ఒక చోట, కరెంట్లు ఇంకో చోట, యూనిట్లు వేరే చోట. సగటున 12 రిజిస్టర్లు. టైమ్‌అవుట్ 1 సెకను, మొత్తం 3 ప్రయత్నాలు. గేట్‌వేతో కలిపి ఒక్కో ప్రశ్నకు 110 నుంచి 120 మిల్లీసెకన్లు పడుతోంది. మీ లెక్కకు దగ్గరే.

---

టర్మినల్‌బ్లాక్ · మంగళవారం మధ్యాహ్నం 3:30

అయితే పనిచేస్తున్న 23 మీటర్లు, ఒక్కోదానికి 7 ప్రశ్నలు, ఒక్కోటి 116 మిల్లీసెకన్లు. 18.7 సెకన్లు. ఏ లోపమూ లేకుండా, అంతా బాగుంటేనే ఒక చుట్టు అంత పడుతుంది. 1 సెకను అనేది మొదటి రోజు నుంచే కుదరని మాట.

ఇక కాలిపోయిన 9వ మీటర్. స్కాడా దాన్నీ 7 ప్రశ్నలు అడుగుతోంది. ఒక్కో ప్రశ్నకు 3 ప్రయత్నాలు, ఒక్కో ప్రయత్నానికి 1 సెకను ఎదురుచూపు. 21 సెకన్లు! బతికున్న 23 మీటర్లు కలిసి తీసుకునే దానికంటే చచ్చిన ఒక్క మీటర్ ఎక్కువ తింటోంది. రెండూ కలిపితే దాదాపు 40 సెకన్లు.

కానీ మీ స్టాప్‌వాచ్ 60 దాటిందన్నారు. మిగతా 20 సెకన్లు ఎక్కడికి పోతున్నాయో నాకు ఇంకా తెలీదు. 9వ మీటర్‌ని స్కాడాలో డిజేబుల్ చేసి మళ్లీ కొలిచి చెప్పండి.

భయ్యా, 19200 మాట పూర్తిగా తప్పు కాదు. కానీ పైన పట్టిక చూడండి. స్పీడు రెట్టింపు చేస్తే సగమయ్యేది వైరు మీద గడిచే 46 మాత్రమే. మీటర్ ఆలోచించే 50, గేట్‌వే 20 అలాగే ఉంటాయి. 116 కాస్తా 93 అవుతుంది. 20 శాతం లాభం కోసం 24 మీటర్ల ముందు కూర్చుని మెనూలు నొక్కాలి. ఒక్కటి మరిచిపోతే అదింకో 9వ నంబరు.

---

బాడ్‌రేట్_భయ్యా · మంగళవారం మధ్యాహ్నం 3:48

మా దగ్గర నిజంగానే సగం అయింది మేడం. మేం ఒక్కోసారి 100 రిజిస్టర్లు చదివేవాళ్లం.

---

టర్మినల్‌బ్లాక్ · మంగళవారం సాయంత్రం 4:10

అదే కారణం. 100 రిజిస్టర్లంటే జవాబే 205 బైట్లు, సమయమంతా వైరు మీదే పోతుంది. అక్కడ 300 కాస్తా 185 అవుతుంది. మీ సైట్‌కి మీ మాట చాలావరకు నిజం. ఈయన అడిగేవి చిన్న ప్రశ్నలు, అందుకే లాభం తక్కువ.

డెడ్‌బ్యాండ్ గురించి కూడా చెప్పేస్తాను. విలువ మారిందో లేదో తెలియాలంటే ముందు మీటర్‌ని అడగాలి కదా. ప్రశ్న వెళ్లింది, జవాబు వచ్చింది, కేబుల్ ఖర్చు అయిపోయింది. ఆ తర్వాత సర్వర్ “2 శాతం మారలేదు, వదిలేయ్” అంటుంది. హిస్టరీ డేటాబేస్‌కీ, సర్వర్ నుంచి స్క్రీన్లకీ లోడ్ తగ్గుతుంది. ఆర్‌ఎస్-485 మీద ఒక్క బైటు కూడా తగ్గదు.

---

పంప్‌హౌస్_నైట్ · మంగళవారం రాత్రి 9:25

మా బాధ కూడా ఇదే. సిటీ చుట్టూ 40 రిజర్వాయర్లు, ఒక్కో దగ్గర చిన్న ఆర్‌టీయూ, 4జీ సిమ్. నిమిషానికోసారి అన్నిటినీ అడుగుతున్నాం. సరిగ్గా నిమిషం మారగానే 40 సిమ్ములూ ఒకేసారి లేస్తాయి, పది పదిహేను టైమ్‌అవుట్ అవుతాయి. మేం స్కాడాలో ఏం మార్చుకోవాలి?

---

టర్మినల్‌బ్లాక్ · మంగళవారం రాత్రి 10:00

మీది వేరే జబ్బు. రిజర్వాయర్ మట్టం నిమిషంలో ఎంత మారుతుంది? అయిదు నిమిషాలకోసారి చాలు. ఓవర్‌ఫ్లో ఫ్లోటు, పంపు ట్రిప్, తలుపు తెరవడం లాంటివి అడిగే దాకా ఆగకూడదు, ఆర్‌టీయూ తానే పంపాలి. మీ ఆర్‌టీయూలో డీఎన్‌పీ3 గానీ ఐఈసీ 104 గానీ ఉంటే అవి ఆ పనికే పుట్టాయి. మారినప్పుడు పంపించి, గంటకోసారి మొత్తం అన్నీ ఒకసారి చదివి సరిచూసుకునేలా పెట్టండి. అక్కడ డెడ్‌బ్యాండ్ ఆర్‌టీయూలోనే ఉంటుంది కాబట్టి నిజంగా పనికొస్తుంది. ఒకేసారి లేవడం మాత్రం ఈరోజే ఆపొచ్చు: 40ని నాలుగు గుంపులు చేసి 15 సెకన్ల తేడాతో మొదలుపెట్టండి.

మోడ్‌బస్ మాత్రమే ఉంటే వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిపితే ఇద్దరికీ అయోమయం.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · బుధవారం మధ్యాహ్నం 1:40

9వ మీటర్ డిజేబుల్ చేశాను. 62 సెకన్ల నుంచి 30కి వచ్చింది! మేనేజర్ నిజంగానే నవ్వాడు. కానీ మీ లెక్క ప్రకారం 19 రావాలి. 30 దగ్గరే ఆగిపోయింది.

---

టర్మినల్‌బ్లాక్ · బుధవారం మధ్యాహ్నం 2:05

ఆ గేట్‌వేతో ఇంకెవరో కూడా మాట్లాడుతున్నారని నా అనుమానం. గేట్‌వేలోకి బ్రౌజర్‌తో లాగిన్ అవ్వండి. కనెక్షన్ల పేజీలో మీ స్కాడా సర్వర్ ఐపీ కాక ఇంకో ఐపీ ఉందా? స్టాటిస్టిక్స్‌లో సీరియల్ పోర్టు మీద వెళ్లిన ప్రశ్నల లెక్క ఉంటుంది. 10 నిమిషాల తేడాతో రెండుసార్లు రాసుకోండి, అదే సమయంలో స్కాడా డ్రైవర్ పంపిన లెక్కతో పోల్చండి.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · బుధవారం సాయంత్రం 6:30

దొరికాడు దొంగ!

ఇంకో ఐపీ ఉంది. ఎనర్జీ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అని అకౌంట్స్ వాళ్ల కోసం ఆర్నెల్ల కిందట ఎవరో పెట్టారట. మాకెవరికీ చెప్పలేదు. 20 మీటర్ల నుంచి యూనిట్ల రీడింగ్, ఒక్కోదానికి ఒక ప్రశ్న, ప్రతి 5 సెకన్లకోసారి. 9వ మీటర్ వాళ్ల జాబితాలో లేదు. నెలాఖరు బిల్లు లెక్కకి 5 సెకన్లకోసారి యూనిట్లు ఎందుకో నాకర్థం కాలేదు.

---

టర్మినల్‌బ్లాక్ · బుధవారం రాత్రి 8:15

సరిపోయింది. చిన్న ప్రశ్నే, 2 రిజిస్టర్లు, 95 మిల్లీసెకన్లు. 20 మీటర్లకి 1.9 సెకన్లు. ప్రతి 5 సెకన్లలో 1.9 అంటే కేబుల్‌లో 38 శాతం అతనిదే. మీకు మిగిలింది 62 శాతం. 18.7ని 0.62తో భాగించండి: 30. మొదట్లో 40 రావాల్సింది కూడా అలాగే భాగిస్తే 64 అవుతుంది. మీ స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పలేదు.

గేట్‌వే చాలామందికి తలుపు తెరుస్తుంది గానీ వెనక కేబుల్ ఒక్కటే. ఒకరి క్యూ ఇంకొకరికి కనబడదు, అందుకే చాలా సైట్లలో ఇది నెలల తరబడి దొరకదు. ఆ సాఫ్ట్‌వేర్‌ని నిమిషానికోసారికి మార్చమనండి, 3 శాతానికి దిగుతుంది. ఇంకా మంచిది, అది గేట్‌వే జోలికే రాకుండా మీ స్కాడా నుంచి ఓపీసీ యూఏ ద్వారా తీసుకోవడం.

ఇప్పుడు ట్యాగులను స్కాన్ రేటు వారీగా గుంపులు చేసే సంగతి. నన్నడిగితే ట్యాగు పేరు చూసి రేటు పెట్టకూడదు. “ఈ విలువ మారితే ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేస్తారు?” అని అడగండి. ఇన్‌కమర్ కరెంటు చూసి ఆపరేటర్ లోడ్ తగ్గిస్తాడు, దానికి 2 సెకన్లు. ఫీడర్ కరెంటు చూసి ఎవరూ పరుగెత్తరు, 10 సెకన్లు చాలు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ట్రెండుకే, నిమిషం. యూనిట్లు 5 నిమిషాలు. యూనిట్ల కౌంటర్ మీటర్‌లోనే పెరుగుతూ ఉంటుంది, మధ్యలో అడగకపోతే ఏమీ పోదు.

ఇంకో పని, రిజిస్టర్లు కూడగట్టడం. 7 ప్రశ్నలను 3 చేయండి: మూడు కరెంట్లు, కిలోవాట్, కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ కలిపి 12 రిజిస్టర్ల ఒక దిమ్మ, వోల్టేజీలూ మిగతావీ 20 రిజిస్టర్లు, యూనిట్లు, ఎండీ 8 రిజిస్టర్లు. అప్పుడు కేబుల్ లెక్క ఇలా ఉంటుంది:

```
ఇన్‌కమర్లు   2 × 116 ms /   2 s = 11.6 %
ఫీడర్లు     22 × 116 ms /  10 s = 25.5 %
వోల్టేజీ    24 × 133 ms /  60 s =  5.3 %
యూనిట్లు    24 × 108 ms / 300 s =  0.9 %
                       మొత్తం   43.3 %
```

అవతలి సాఫ్ట్‌వేర్ నిమిషానికోసారి అడిగినా 47 లోపే. నేను 60 దాటనివ్వను. మిగతా తీరిక రీట్రైల కోసం, రేపు వచ్చే 25వ మీటర్ కోసం.

---

రిలేరూమ్ · గురువారం ఉదయం 7:30

ఒక్క మాట. ఇన్‌కమర్ 2 సెకన్లు అంటున్నారు. మా దగ్గర డీజీ ఛేంజోవర్‌లో ఒక సిగ్నల్ 400 మిల్లీసెకన్లే ఉంటుంది. 2 సెకన్లకు పెడితే తప్పిపోతుంది. అందుకే మేం 1 సెకనే ఉంచాం.

---

టర్మినల్‌బ్లాక్ · గురువారం ఉదయం 8:10

1 సెకను పెట్టినా 400 మిల్లీసెకన్ల పల్స్ సగానికి పైగా సార్లు తప్పిపోతుంది సార్. మీకు కనబడినవి అదృష్టం కొద్దీ దొరికినవి. అలాంటి దాన్ని పోలింగ్‌తో పట్టుకోవాలనుకోకండి. పీఎల్‌సీలోనో రిలేలోనో లాచ్ చేయండి, లేదా ఒక కౌంటర్ పెంచండి. అప్పుడు 10 సెకన్లకోసారి చదివినా “ఒకటి జరిగింది” అని తెలుస్తుంది. ఎప్పుడు జరిగిందో కూడా కావాలంటే టైమ్ పుట్టినచోటే ముద్ర పడాలి. స్కాడా వేసే టైమ్ మనం అడిగిన టైమ్, జరిగిన టైమ్ కాదు.

---

రిలేరూమ్ · గురువారం ఉదయం 8:22

లాచ్ బిట్ రీసెట్ ఎవరు చేయాలి? స్కాడా రాయాలంటే మళ్లీ కేబుల్ మీదే కదా. మా పీఎల్‌సీ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ పెట్టినాయన ఎక్కడున్నాడో కూడా తెలీదు. చూద్దాం.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · శుక్రవారం రాత్రి 11:50

రెండు రోజులు కూర్చున్నాను. ఎనర్జీ సాఫ్ట్‌వేర్ వాళ్లు నిమిషానికి ఒప్పుకున్నారు. గుంపులు మేడం చెప్పినట్టే పెట్టాను. ఫీడర్లు 10 సెకన్లకోసారి ఠంచనుగా వస్తున్నాయి.

రెండు తంటాలు మిగిలాయి. ఒకటి, 20 రిజిస్టర్ల దిమ్మ 17, 18 నంబర్ల మీద మొత్తం ఎర్రగా వస్తోంది. ఒక్క ట్యాగ్ కూడా రావడం లేదు. అవి పాత మోడల్. రెండోది, ఇన్‌కమర్ 2 సెకన్లకు బాగానే వస్తూ నిమిషానికోసారి 5 సెకన్లకు ఆగిపోతుంది.

---

టర్మినల్‌బ్లాక్ · శనివారం ఉదయం 6:40

మొదటిది: పాత మోడల్‌లో మీరు అడిగిన వరసలో మధ్యలో ఎక్కడో ఖాళీ అడ్రసు ఉండి ఉంటుంది. ఒక్క అడ్రసు లేకపోయినా మీటర్ మొత్తం దిమ్మను తిరగ్గొడుతుంది. వైర్‌షార్క్‌లో ఎక్సెప్షన్ కోడ్ 2 కనిపిస్తే అదే. మ్యాన్యువల్ చూసి ఆ ఖాళీ దగ్గర దిమ్మను రెండు చేయండి, ఆ రెండు మీటర్లకే.

రెండోది: నిమిషం గుంపు లేవగానే 24 ప్రశ్నలు వరసగా వెళ్తున్నాయి. 24 సార్లు 133 అంటే 3.2 సెకన్లు. ఇన్‌కమర్ ఆ వరస వెనక నిలబడుతోంది. శాతం లెక్కలో ఇది కనబడదు, 43 శాతమే అయినా ఒక్కోసారి దారి మూసుకుపోతుంది. నిమిషం గుంపును ఆరేసి మీటర్ల నాలుగు గుంపులు చేసి 15 సెకన్ల ఎడం పెట్టండి. మీ డ్రైవర్‌లో మొదలయ్యే సమయం జరిపే వీలుంటేనే ఇది కుదురుతుంది, కొన్నిటిలో ఉండదు. గేట్‌వేలో రెండో సీరియల్ పోర్టు ఖాళీగా ఉంటే ఇన్‌కమర్లు రెండూ దాని మీదకు మార్చేయండి. అన్నిటికంటే శుభ్రమైన పని అది. చివరి మీటర్ దగ్గర 120 ఓమ్ టర్మినేషన్ మాత్రం కొత్త లైనుకీ వేయండి.

ఇంకా, 9వ దాని లాగే రేపు ఇంకో మీటర్ పోతుంది అనుకుని ఇప్పుడే సిద్ధం చేసుకోండి. 1 సెకను, 3 ప్రయత్నాలు అంటే చచ్చిన ఫీడర్ ప్రతి 10 సెకన్లలో 3 తింటుంది, 30 శాతం. రెండు పోతే మీ 43 కాస్తా 100 దాటుతుంది. టైమ్‌అవుట్ తగ్గించి ప్రయత్నాలు రెండు చేయండి. కెప్‌వేర్ లాంటి డ్రైవర్ అయితే `Auto-Demotion` అని ఉంటుంది. వరసగా కొన్నిసార్లు జవాబివ్వని మీటర్‌ని పక్కన పెట్టి, మీరు చెప్పినంతసేపటికి ఒకసారి తట్టి చూస్తుంది. నిమిషం పెట్టుకోండి.

---

హెచ్‌ఎంఐ_గ్రాఫిక్స్ · శనివారం ఉదయం 9:15

మా సాఫ్ట్‌వేర్‌లో తెరిచిన స్క్రీన్ మీది ట్యాగులనే చదివే ఆప్షన్ ఉంది. అది పెడితే అసలు గుంపులే అక్కర్లేదు కదా?

---

టర్మినల్‌బ్లాక్ · శనివారం ఉదయం 9:40

వోల్టేజీ హార్మోనిక్స్ లాంటి, ఎప్పుడో ఒకసారి చూసే పేజీకి చాలా మంచిది. అలారం, ట్రెండు ఉన్న ట్యాగుకు పెడితే స్క్రీన్ మూసిన రాత్రంతా ట్రెండులో కన్నాలే.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · ఆదివారం రాత్రి 10:10

ఇన్‌కమర్లు రెండో పోర్టుకి మార్చాను. కచ్చితంగా 2 సెకన్లు, ఆగడం లేదు. 17, 18కి దిమ్మను 12, 8గా విడగొట్టాను, ఎరుపు పోయింది. టైమ్‌అవుట్ 300 మిల్లీసెకన్లు, ప్రయత్నాలు రెండు.

కానీ ఇంకోటి మొదలైంది. 17వ ఫీడర్ కరెంటు రోజంతా 35 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. నిన్న రాత్రి మూడుసార్లు ఒక్క స్కాన్‌లో 241కి ఎగిరి మళ్లీ 35. ఓవర్‌లోడ్ అలారం వచ్చి ఎలక్ట్రీషియన్‌ని పరుగెత్తించాను. క్లాంప్ మీటర్ పెడితే 35 మాత్రమే. సీటీ లూజా?

---

బాడ్‌రేట్_భయ్యా · ఆదివారం రాత్రి 10:25

పక్కా సీటీ లూజ్. లేకపోతే షీల్డు ఎర్త్ చూడు.

---

టర్మినల్‌బ్లాక్ · ఆదివారం రాత్రి 10:55

సీటీని ముట్టుకోకముందు 241 అనే అంకె చూడండి. అది మీ ఫేజ్ వోల్టేజీలా లేదూ?

మోడ్‌బస్ ఆర్‌టీయూ జవాబులో మీటర్ నంబరు, ఎన్ని బైట్లు, విలువలు ఉంటాయి. ఏ అడ్రసు నుంచి చదివిందో ఉండదు. మీరు విడగొట్టాక 17వ మీటర్‌లో కరెంట్ల దిమ్మ 12 రిజిస్టర్లు, వోల్టేజీ మొదటి దిమ్మ కూడా 12. పాత మీటర్ ఒక్కోసారి 300 దాటాక జవాబిస్తే స్కాడా అప్పటికే వదిలేసి ముందుకు వెళ్లిపోయింది. ఆలస్యంగా వచ్చిన వోల్టేజీ జవాబు కరెంటు ప్రశ్నకు అంటుకుంది. మీటర్ నంబరు సరే, పొడవు సరే, సీఆర్‌సీ సరే. డ్రైవర్‌కి అనుమానం రాదు.

షీల్డు, నాయిస్ వల్ల అయితే సీఆర్‌సీ తప్పి ట్యాగ్ ఎర్రబడేది. ఇంత చక్కటి 241 రాదు.

గేట్‌వే ఏ మోడ్‌లో ఉంది? ఊరికే బైట్లు దాటించే పారదర్శక మోడ్ అయితే ఇలా జరుగుతుంది. మోడ్‌బస్ టీసీపీ మోడ్ అయితే ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు ఉంటుంది, టీసీపీ వైపు ఈ తికమక జరగదు. అప్పుడు కూడా గేట్‌వే లోపలి టైమ్‌అవుట్ స్కాడా టైమ్‌అవుట్ కంటే తక్కువ ఉండేలా చూడండి. ముందుగా చేయాల్సింది, 17 నిజంగా ఎంత ఆలస్యం చేస్తోందో ఒక రాత్రంతా కొలవడం. నేను 300 అని ఎక్కడా చెప్పలేదు సుమా, తగ్గించమన్నాను. అంకె మీ మీటర్ చెప్పాలి.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · సోమవారం సాయంత్రం 5:20

తప్పు నాదే మేడం, 300 నేనే ఊహించి పెట్టాను. మిగతా మీటర్లు ఆలోచించే సమయం ఎప్పుడూ 90 దాటడం లేదు. 17 మాత్రం ఎక్కువసార్లు 120, రాత్రి కొన్నిసార్లు 280, ఒకసారి 340 వెళ్లింది. 18 అదే మోడల్, అయినా దానికి ఈ రోగం లేదు. గేట్‌వే పారదర్శక మోడ్‌లోనే ఉంది. మొన్న పోర్టు మార్చేటప్పుడు డిఫాల్ట్‌కి వెళ్లిపోయింది, స్కాడా డ్రైవర్‌నీ దానికి తగ్గట్టే మార్చి నడిపించాను. ఇప్పుడు రెండు వైపులా టీసీపీ మోడ్‌కి మార్చి, 17కి 700 పెట్టాను. ఈ రాత్రి చూడాలి.

---

టెండర్_క్లాజ్ · సోమవారం రాత్రి 9:00

ఇదంతా బాగుంది. మీ టెండర్‌లో “అన్ని ట్యాగులూ 1 సెకను రిఫ్రెష్” అని ఉంటే? మా ప్రతి ప్రాజెక్టులో కన్సల్టెంట్ అదే వాక్యం అతికిస్తాడు. మేం స్క్రీన్ రిఫ్రెష్ 1 సెకను చూపించి సంతకం తెచ్చుకుంటాం.

---

టర్మినల్‌బ్లాక్ · సోమవారం రాత్రి 9:30

స్క్రీన్ సెకనుకోసారి మెరుస్తుంది, లోపల విలువ నిమిషం కిందటిది. ఈ థ్రెడ్ మొదలైంది అక్కడే కదండీ. నేనైతే పైన పెట్టిన శాతాల పట్టికే కన్సల్టెంట్ ముందు పెడతాను. 1 సెకనే కావాలంటే కేబుల్‌కి ఎన్ని మీటర్లు, ఎన్ని పోర్టులు, ఎంత ఖర్చు అని రాసిస్తాను. కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన మాత్రం పోర్టుకి ఆరు మీటర్ల లెక్కన నాలుగు పోర్టుల గేట్‌వే కొనిపించాడు, ఒక్క 12 రిజిస్టర్ల దిమ్మ 0.7 సెకన్లలో వచ్చేస్తుంది. అది తప్పని ఎలా అంటాం?

---

టెండర్_క్లాజ్ · సోమవారం రాత్రి 9:42

డబ్బున్న క్లయింట్. మాకు తగలరు.

---

షిఫ్ట్‌బీ_పాశమైలారం · మంగళవారం ఉదయం 6:15

నైట్ మొత్తం చూశాను. 241 ఒక్కసారి కూడా రాలేదు. 17 మూడుసార్లు 300 దాటింది, అయినా కరెంటు 35 దగ్గరే ఉంది. ఎందుకు నెమ్మదిస్తోందో మాత్రం తెలీదు. మీటర్ కొత్తది వచ్చాక 9లో పెట్టాలా, 17లో పెట్టాలా అని స్టోర్స్ వాళ్లు అడుగుతున్నారు.